సిజేరియన్‌కి మత్తు: ఏం తెలుస్తుంది, ఏం తెలియదు

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 29 ఏళ్ళు, మాది ఖమ్మం దగ్గర. నాలుగేళ్ళ క్రితం మొదటి కాన్పులో నొప్పులు పడుతుండగా బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిపోతోందని హడావిడిగా థియేటర్‌కి తీసుకెళ్ళి, పూర్తి మత్తు ఇచ్చి పెద్దాపరేషన్ చేశారు. నాకేమీ గుర్తు లేదు. ఇప్పుడు రెండోది. 39 వారాలు నిండాక ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. ఈసారి నడుముకి సూది ఇస్తాం, మెలకువగానే ఉంటావు అంటున్నారు. మా అక్కకి అలా ఇస్తే కోసేదంతా తెలిసిందట. మా అత్తయ్య ఆ సూది వద్దు, జన్మంతా నడుంనొప్పే అంటుంది. డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురేమో ఎపిడ్యూరల్ అడుగు అంటుంది. నన్ను మళ్ళీ పూర్తిగా పడుకోబెట్టేయమని అడగొచ్చా? అసలు ఏమేం తెలుస్తుంది?

జవాబు: అడగొచ్చు. నడుముకి సూది నాకొద్దు అనే హక్కు మీకుంది, ఏ మత్తు డాక్టరూ మిమ్మల్ని బలవంతంగా వంచి గుచ్చకూడదు. కానీ మీరు నా దగ్గరికొచ్చి అలా అడిగితే మాత్రం, పక్కన ఒక పది నిమిషాలు కూర్చుని మీ మనసు మార్చడానికి ప్రయత్నిస్తాను. ఆ పది నిమిషాల్లో చెప్పే మాటలే ఇవి.

ముందు మీ పిన్ని కూతురి సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే స్పైనల్, ఎపిడ్యూరల్ రెండూ నడుములోనే ఇస్తారు కాబట్టి అందరూ ఒకటే అనుకుంటారు. వెన్నుపాము మన నడుము కిందిదాకా ఉండదు, నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. అక్కణ్ణించి కిందికి సన్నటి నరాలు జడకుచ్చుల పోగుల్లాగా నీళ్ళున్న ఒక సంచిలో వేలాడుతూ ఉంటాయి. స్పైనల్ అంటే వెన్నుపాము ఆగిపోయిన చోటుకి కిందుగా, సన్నటి సూదితో ఆ సంచిలోకి మందు వెయ్యడం. మందు నేరుగా నరాలకి తగులుతుంది కాబట్టి 2 మిల్లీలీటర్లు చాలు, పిల్లలకి జ్వరం మందు పోసే చిన్న చెంచాలో సగం కూడా ఉండదు. అయిదు నిమిషాల్లో పని మొదలవుతుంది, గంటన్నర నుంచి రెండు గంటలు ఉంటుంది, సూది తీసేస్తారు, అయిపోయింది. ఎపిడ్యూరల్‌లో ఆ సంచిలోకి వెళ్ళరు, దాని బయట ఉండే సందులో ఆగుతారు. లావు సూది, అందులోంచి సన్నటి ప్లాస్టిక్ గొట్టం లోపలికి పంపి, సూది తీసేసి గొట్టాన్ని వీపుకి అంటించేస్తారు. మందు సంచి గోడ దాటి నరాలకి చేరాలి కాబట్టి ఆపరేషన్‌కైతే 15 నుంచి 20 మిల్లీలీటర్ల దాకా కొంచెం కొంచెంగా ఇవ్వాలి, సరిగ్గా పట్టడానికి పావుగంట పైనే పడుతుంది, ఒక్కోసారి ఒక పక్క పట్టి ఇంకో పక్క పట్టదు.

మరి అమెరికాలో అందరూ ఎపిడ్యూరల్ అంటారేంటి అంటే, వాళ్ళు దాన్ని నొప్పులు పడేటప్పుడే పెట్టించుకుంటారు, గంటల తరబడి మందు పంపుతూ ఉండాలి కాబట్టి గొట్టం కావాలి. నొప్పుల మధ్యలో సిజేరియన్ అవసరమైతే ఎలాగూ ఉన్న ఆ గొట్టంలోంచే గట్టి మందు పంపి ఆపరేషన్ చేసేస్తారు. మీ పిన్ని కూతురికి జరిగింది బహుశా అదే. తేదీ పెట్టుకుని చేసే సిజేరియన్‌కి అక్కడ కూడా మామూలుగా ఇచ్చేది స్పైనలే. ఆపరేషన్ బాగా ఎక్కువసేపు పట్టేలా ఉంటే రెండూ కలిపి ఇస్తారు, స్పైనల్ దిగిపోయేలోపు గొట్టంలోంచి మందు అందించొచ్చని. మీకిది రెండో ఆపరేషన్, మునుపటి కుట్ల దగ్గర పేగులూ కండా అతుక్కుని ఉంటే ఒక పావుగంటో ఇరవై నిమిషాలో ఎక్కువ పట్టొచ్చు గానీ స్పైనల్ సమయం దానికి సరిపోతుంది.

ఇక మీ అక్క చెప్పిన మాట. దీన్ని నేను కొట్టిపారెయ్యను. ఇక్కడ అందరూ ఒక విషయం ముందు చెప్పకుండా వదిలేస్తారు, దాంతోనే సగం భయం పుడుతుంది. స్పైనల్ మందు నొప్పిని తీసేస్తుంది, చల్లదనం తెలియడాన్ని తీసేస్తుంది, కాళ్ళు కదలకుండా చేస్తుంది, కానీ తాకడం, లాగడం, నొక్కడం తెలియకుండా పూర్తిగా తుడిచెయ్యదు. పంటి డాక్టరు దవడకి ఇంజెక్షన్ ఇచ్చి పన్ను పీకితే నొప్పి ఉండదు కానీ ఊపి ఊపి లాగుతున్నది మొత్తం తెలుస్తుంది చూడండి, ఇదీ అంతే, కాకపోతే జరిగేది పొట్టలో. "ఏమీ తెలియదమ్మా" అని చెప్పి లోపలికి పంపితే, అక్కడ మొదటిసారి పొట్ట మీద చెయ్యి కదిలినట్టు తెలియగానే మత్తు పట్టలేదేమో అని ప్రాణం పోయినంత పనవుతుంది. మీ అక్కకి తెలిసింది ఇదే అయ్యుండొచ్చు. లేదా నిజంగానే మత్తు సరిపోక నొప్పి తెలిసి ఉండొచ్చు. అదీ జరుగుతుంది, దాని గురించి కింద చెప్తాను.

మీ ఆపరేషన్ రోజు ఎలా నడుస్తుందో వరసగా చెప్తా. థియేటర్ చల్లగా ఉంటుంది, మీరు పల్చటి గౌనులో ఉంటారు, వణుకు సగం అక్కడే మొదలవుతుంది. చేతికి సెలైన్, ఇంకో చేతికి బీపీ పట్టీ, వేలికి క్లిప్పు, ఛాతీ మీద మూడు స్టిక్కర్లు. తర్వాత బల్ల మీద కూర్చోబెట్టో, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టో నడుము వంచమంటారు. చలికి ముడుచుకున్నట్టు గడ్డం ఛాతీకి ఆనించి, భుజాలు వదిలేసి, నడుముని బయటికి తోయాలి, తొమ్మిది నెలల పొట్టతో ఎంత వంగితే అంత చాలు. వెన్నుపూసల మధ్య సందు తెరుచుకోవడానికే ఆ వంచడం. వీపు మీద మందు నీళ్ళతో తుడుస్తారు, అది మంచుగడ్డలా తగులుతుంది, ఉలిక్కిపడతారు, పర్లేదు.

తర్వాత చిన్న సూదితో చర్మానికి మత్తిస్తారు. గండుచీమ కుట్టినట్టు చురుక్కుమని ఓ పది సెకన్లు మండుతుంది. నిజంగా నొప్పి అనేది ఉంటే అదే. అసలు సూది గుచ్చేటప్పుడు తెలిసేది ఒత్తిడి, వేలితో ఎముక సందులో నొక్కుతున్నట్టు. ఒక్కోసారి సూది ఎముకకి తగిలి వెనక్కి తీసి కోణం మార్చాల్సి వస్తుంది, రెండు మూడు సార్లు ప్రయత్నించారంటే డాక్టరుకి చేతకాక అనుకోకండి, గర్భంతో ఉన్న నడుములో సందు దొరకడం నిజంగానే కష్టం. గుచ్చుతుండగా ఒక కాల్లోకి కరెంటు షాకులాంటిది జివ్వుమని పాకితే కదలకుండా, "కుడికాలు" అనో "ఎడమకాలు" అనో నోటితో చెప్పండి, చాలు. డాక్టరు సూదిని కొంచెం వెనక్కి తీస్తారు, అది పోతుంది.

మందు వెళ్ళిన నిమిషంలోపే పిరుదుల దగ్గర వెచ్చగా, వేణ్ణీళ్ళలో కూర్చున్నట్టు ఉంటుంది. ఆ వెచ్చదనం తొడల్లోకి, పాదాల్లోకి దిగుతుంది. తిమ్మిరి ఎక్కుతుంది, తర్వాత కాళ్ళు ఇసుకమూటల్లా బరువైపోతాయి. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి బల్లని కొంచెం ఎడమకి వంచుతారు, పడిపోతానేమో అనిపిస్తుంది, పడరు. బిడ్డ బరువు మీ పెద్ద రక్తనాళాల మీద పడకుండా ఉండడానికి అది. మూత్రం గొట్టం మత్తు ఎక్కాకే వెయ్యమనండి, అప్పుడు అది పెట్టినట్టే తెలియదు.

మొదటి పది నిమిషాల్లో బీపీ పడిపోవడం చాలామందిలో జరుగుతుంది, ఎందుకంటే ఆ మందు కాళ్ళలో రక్తనాళాల్ని కూడా వదులు చేసేస్తుంది. బీపీ మిషన్ నిమిషానికోసారి చూస్తుంది గానీ దానికంటే ముందు మీకే తెలిసిపోతుంది. ఉన్నట్టుండి వికారం, ఆవలింతలు, కళ్ళు తిరగడం, "నాకేదో అయిపోతోంది" అనే ఒక భయం. ఆ క్షణమే చెప్పండి. ఫినైలెఫ్రిన్ లాంటి మందు చుక్క సెలైన్‌లోంచి వెళ్తే నిమిషంలో సర్దుకుంటుంది. చాలామంది వాంతి అనగానే రాత్రి తిన్నది పడలేదేమో అని ఏదో ఊహించుకుని ఊరుకుంటారు. కడుపు తప్పు కాదు, బీపీది.

ఇంకోటి, ఊపిరి. మత్తు రొమ్ముల ఎత్తుదాకా ఎక్కితేనే ఆపరేషన్‌కి చాలుతుంది. చర్మం కోసేది పొత్తికడుపు కిందే అయినా లోపల పొర పైకంటా ఉంటుంది కదా. అంత ఎత్తుకి ఎక్కినప్పుడు పక్కటెముకలు కదులుతున్నది మీకు తెలియదు, అందుకని ఊపిరి ఆడట్లేదు అనిపిస్తుంది. నేను ఈ సూది వేలమందికి ఇచ్చాను, ఎందుకలా అనిపిస్తుందో పాఠం చెప్పగలను, అయినా నా సొంత సిజేరియన్‌లో ఆ క్షణం వచ్చేసరికి బల్ల మీద పడుకుని "నాకు ఊపిరి రావట్లేదు" అని మా కొలీగ్ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆయన నవ్వి, "ఊపిరి రాకపోతే ఇంత గట్టిగా ఎలా అరుస్తున్నావు?" అన్నాడు. గుర్తు అదే. గొంతు మామూలుగా వస్తూ, వేళ్ళతో గట్టిగా పట్టుకోగలుగుతుంటే మీ ఊపిరి బానే ఉంది. గొంతు గుసగుసలాగా తగ్గిపోతున్నా, చేతివేళ్ళు తిమ్మిరెక్కి పట్టు జారుతున్నా అది వేరు, మత్తు మరీ పైకెక్కుతోంది, డాక్టరు చెయ్యి తట్టండి.

కోసే ముందు పరీక్ష ఉంటుంది. ఐసుముక్కో స్పిరిట్ దూదో ముందు భుజానికి తాకించి "ఇంత చల్లగా ఉందా" అని, తర్వాత కాలి నుంచి పైకి తాకిస్తూ వస్తారు. ఇక్కడ తొందరపడి "ఆ పట్టేసింది" అనకండి, పాస్ అవ్వాల్సిన పరీక్ష కాదది. తాకినట్టు తెలిసినా చల్లగా లేదు అంటే చల్లగా లేదనే చెప్పండి, ఒక పక్క చల్లగా ఉంటే ఆ పక్క పేరు చెప్పండి. కాలు ఎత్తమంటారు, రాకూడదు. ఆ తర్వాత గైనిక్ డాక్టరు మీకు చెప్పకుండానే కోసే చోట పట్టకారుతో గిచ్చి చూస్తారు. మీరు "ఎప్పుడు మొదలెడతారు?" అని అడిగే సమయానికి మొదలెట్టేసి ఉంటారు.

మొదలయ్యాక చర్మం మీద గీత గీసినట్టు కూడా చాలామందికి తెలియదు. తర్వాత తెలిసేది, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి అడుగుదాకా దేవుతున్నట్టు ఒక కదలిక. అయిదు పది నిమిషాల్లో, అంటే మీకు పాత కుట్లున్నాయి కాబట్టి కొంచెం అటూఇటూగా, ఉమ్మనీరు లాగే పైపు గుర్రుమంటుంది, ఆ తర్వాత బిడ్డని బయటికి తియ్యడానికి ఒకరు మీ పొట్ట పైభాగాన్ని గట్టిగా నొక్కుతారు. ఒక మనిషి గుండెల మీద కూర్చున్నంత బరువు, అరనిమిషం, మహా అయితే నిమిషం. ఈ ఒక్కదాని గురించి ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే మొత్తం ఆపరేషన్‌లో గాభరా పెట్టేది అదే. ఆ వెంటనే ఏడుపు వినిపిస్తుంది, మీరు పోయినసారి విననిది.

బిడ్డ బయటికొచ్చాక గర్భసంచి ముడుచుకోవడానికి ఆక్సిటోసిన్ ఇస్తారు, మొహం వేడెక్కి గుండె దడదడమంటుంది కాసేపు. మాయ తీసి కుట్లు వేసే పని ముప్పావుగంట దాకా ఉంటుంది. కుట్టడానికి గర్భసంచిని పైకి లాగితే గుండె కింద పట్టేసినట్టు, వికారంగా ఉంటుంది. కొందరికి భుజం కొసన నొప్పి వస్తుంది, పొట్టలో రక్తమూ గాలీ పొట్టకీ ఛాతీకీ మధ్యనున్న పొరకి తగిలితే ఆ పొర నరం నొప్పిని భుజంలో చూపిస్తుంది, గుండెపోటేమో అని బెంగపడకండి, అయినా చెప్పండి. పళ్ళు టకటక కొట్టుకునేంత వణుకు కూడా మామూలే, మందులో ఫెంటనిల్ అనే నొప్పి మందు కలిపితే ముక్కు దురద కూడా.

ఇప్పుడు నొప్పి సంగతి. లాగడం, నొక్కడం, బరువు, ఇవి ఊహించినవే. కోస్తున్నట్టు, మండుతున్నట్టు, పొడుస్తున్నట్టు ఒకచోట పదునుగా తెలిస్తే అది నొప్పి. లాగుడే అయినా మీరు తట్టుకోలేనంత ఉంటే అదీ నొప్పే. అప్పుడు చెప్పాల్సిన మాట "ఏదోలా ఉంది" కాదు, "నొప్పిగా ఉంది, ఫలానా పక్క, ఆపండి". డాక్టర్లు వీలైన చోట చెయ్యి ఆపుతారు, మత్తు డాక్టరు సెలైన్‌లోంచి ఫెంటనిలో, కొద్దిగా కెటమినో ఇస్తారు, కుట్టే దగ్గర మత్తు మందు వేస్తారు. అప్పటికీ తగ్గకపోతే పూర్తి మత్తు ఇస్తామని అడుగుతారు, వాళ్ళు అడక్కపోతే మీరే అడగండి. ముందే తేదీ పెట్టుకున్న సిజేరియన్లలో ఇలా మధ్యలో పూర్తి మత్తుకి మారాల్సి రావడం వందలో ఒకటికి మించకూడదని మేం పెట్టుకున్న కొలత. అంటే అరుదు, కానీ లేకపోలేదు. చదువు పూర్తయిన కొత్తలో, పేరెందుకు గానీ ఒక ఆసుపత్రిలో, కుట్లు వేస్తుంటే నొప్పి అని ఒకావిడ రెండుసార్లు చెప్తే నేను "అయిపోయిందమ్మా, కొంచెం ఓర్చుకో" అన్నాను. ఆవిడ ఓర్చుకుంది. మర్నాడు వార్డుకి వెళ్తే నా మొహం చూసి అటు తిరిగి పడుకుంది. ఓర్చుకోమనే మాట మీకు వినిపిస్తే ఓర్చుకోకండి, మళ్ళీ చెప్పండి.

మరి ఇంత తంతు ఎందుకు, పడుకోబెట్టేస్తే పోలేదా అంటారు. పోయినసారి మీకు పూర్తి మత్తు ఇవ్వడం సరైన పనే. బిడ్డ గుండె తగ్గుతున్నప్పుడు నిమిషాలు లెక్క. రక్తం బాగా పోతున్నా, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినా, రక్తం పల్చబడే ఇంజెక్షన్ కొద్ది గంటల ముందే తీసుకున్నా, నడుము దగ్గర చీము ఉన్నా మేమే పూర్తి మత్తుకి వెళ్తాం. కానీ ఆ తొందర లేనప్పుడు దానివల్ల మీకొచ్చే లాభం తక్కువ. గర్భిణికి కడుపులో ఉన్నది పైకి తన్నుకొచ్చే వీలెక్కువ, నిద్రలో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. గొంతు లోపల వాపుండటం వల్ల గొట్టం వెయ్యడం కూడా కష్టమవుతుంది. నిద్రపుచ్చే గ్యాసులు గర్భసంచిని వదులు చేస్తాయి కాబట్టి రక్తం కొంచెం ఎక్కువ పోతుంది. మందు కొంత బిడ్డకీ చేరుతుంది, అందుకే పొట్ట తుడిచి, గుడ్డలు కప్పి, కత్తి చేత్తో పట్టుకున్నాకే మిమ్మల్ని నిద్రపుచ్చుతారు. ఆ వరస మెలకువగా చూడటం మీరనుకున్నంత హాయిగా ఉండదు: మూడు నిమిషాలు మొహానికి మాస్కు అదిమిపెట్టి ఆక్సిజన్, చేతి నరంలో మందు మండటం, నిద్రలోకి జారుతుండగా ఎవరో గొంతు ముందు భాగాన్ని వేళ్ళతో నొక్కడం, అంతే, నిద్ర. బిడ్డకి మత్తు చేరకూడదని తక్కువ మోతాదులో నడపడం వల్ల, చాలా అరుదుగా, మధ్యలో తెలివి రావడం కూడా ఉంది. బ్రిటన్‌లో 2014లో వచ్చిన పెద్ద సర్వేలో పూర్తి మత్తుతో చేసిన సిజేరియన్లలో సుమారు 670కి ఒకరు అలా చెప్పారు. ఏమీ తెలియకూడదనే కదా మీరు అది అడుగుతున్నది.

ఇంకా, లేచేసరికి నడుం కింద మత్తేమీ ఉండదు కాబట్టి కోత నొప్పి మొత్తం ఒక్కసారిగా మీద పడుతుంది. పోయినసారి లేవగానే గొంతు గీసుకుపోయినట్టు, మర్నాడు ఒళ్ళంతా కొట్టినట్టు నొప్పులు ఉన్నాయేమో గుర్తు తెచ్చుకోండి. మొదటిది గొట్టం వల్ల, రెండోది కండరాలు వదులు చెయ్యడానికి అలాంటి తొందరలో ఎక్కువగా వాడే ఇంజెక్షన్ వల్ల. స్పైనల్‌లో అయితే మత్తు నెమ్మదిగా దిగుతుంది. ముందు కాలివేళ్ళు కదులుతాయి, రెండు మూడు గంటల్లో కాళ్ళు మీవవుతాయి, కోత దగ్గర మంట చివర్లో మొదలవుతుంది. చిట్కా ఏంటంటే, కాలివేళ్ళు కదలగానే నర్సుని పిలిచి నొప్పి మందు అడగండి, మంట బాగా లేచాక అడిగితే దాన్ని అణచడానికి రెట్టింపు తిప్పలు.

అత్తయ్య గారి నడుంనొప్పి. సూది గుచ్చిన చోట దెబ్బ తగిలినట్టు నాలుగైదు రోజులు సలుపుతుంది, అది నిజం. జన్మంతా అనేది సూది పని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60 శాతం పైగా సిజేరియన్లే, అందులో ఎక్కువమందికి ఇచ్చేది ఈ సూదే. నడుంనొప్పి ఉన్న ఏ తల్లిని అడిగినా నడుముకి సూది వేయించుకున్నానని చెప్పడంలో వింతేముంది? కాన్పు దగ్గర పడ్డాక వదులైన కీళ్ళు, సాగిపోయిన పొట్ట కండరాలు, వంగి కూర్చుని పాలివ్వడం, చంకలో పిల్లాడు, వీటివల్ల మామూలు కాన్పు అయినవాళ్ళకీ, పూర్తి మత్తు తీసుకున్నవాళ్ళకీ కూడా నడుంనొప్పి ఉంటుంది. ఆవిడతో వాదించకండి, పాలిచ్చేటప్పుడు వీపుకి దిండు పెట్టమనండి.

సూది వల్ల నిజంగా వచ్చేది ఒకటుంది, తలనొప్పి. దీన్ని మొదట పడినవాళ్ళలో ఈ పద్ధతి కనిపెట్టిన డాక్టరే ఉన్నాడు: 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ తన మీదే ప్రయత్నం చేయించుకుంటే నీళ్ళు బాగా కారిపోయి, పడుకుంటే తగ్గి లేస్తే వచ్చే తలనొప్పితో తొమ్మిది రోజులు మంచమెక్కాడు. సంచికి పడ్డ చిల్లులోంచి నీళ్ళు ఊరుతూ ఉండటం వల్ల అది. ఇప్పటి 25, 27 నంబరు సూదులు, అందులోనూ పెన్సిల్ మొన లాంటివి, చిల్లు చెయ్యకుండా పోగుల మధ్య తోసుకుని వెళ్తాయి కాబట్టి వందలో ఒకరికి వస్తుందేమో. ఏ సూది వాడతారని ముందురోజు అడగండి, తప్పేం లేదు. కూర్చుంటే పది పదిహేను నిమిషాల్లో మొదలై, పడుకోగానే తగ్గి, మెడ పట్టేసినట్టు ఉంటే అదే. నీళ్ళు, కాఫీ, నొప్పి మాత్రలతో కొద్దిరోజుల్లో చాలామందికి తగ్గుతుంది, తగ్గకపోతే మీ చేతి రక్తమే తీసి ఎపిడ్యూరల్ సందులో వేసి చిల్లు మూస్తారు. తలగడ లేకుండా 24 గంటలు కదలకుండా పడుకుంటే రాదు అనేది పాత నమ్మకం, దానికి ఆధారం లేదు, హాయిగా తలగడ పెట్టుకోండి.

ఇవి మాత్రం ఆలస్యం చెయ్యకుండా చెప్పాల్సినవి: సూది వేసి నాలుగు గంటలు దాటినా మంచం మీంచి కాలు ఎత్తలేకపోవడం, దిగిన తిమ్మిరి మళ్ళీ ఎక్కడం, గొట్టం తీసేశాక మూత్రం రాకపోవడం, జ్వరంతో పాటు నడుములో పెరిగే నొప్పి, తలనొప్పితో చూపు మసకబారడమో ఫిట్సో. వీటిలో కొన్ని చాలా చాలా అరుదు, కానీ గంటల లెక్కన చూడాల్సినవి.

తిండి గురించి ఒక్కమాట, ఎందుకంటే మన ఇళ్ళలో ఇక్కడే తప్పు జరుగుతుంది. స్పైనల్ కదా, మెలకువగానే ఉంటుంది కదా అని పొద్దున్నే "రెండిడ్లీలు తేలికే" అని పెట్టేస్తారు. మధ్యలో పూర్తి మత్తుకి మారాల్సి రావచ్చు కాబట్టి ఆరుగంటల ముందు నుంచి ఏ తిండీ వద్దు, పాలు, పాలు పోసిన టీ, మజ్జిగ కూడా తిండి కిందే లెక్క. మంచినీళ్ళు మాత్రం రెండు గంటల ముందుదాకా తాగొచ్చు, మీ ఆసుపత్రి వేరే సమయం చెప్తే అది పాటించండి. తినేసి ఉంటే భయపడి దాచకండి, ఆపరేషన్ కొన్ని గంటలు జరుపుతారు, అంతేగా.

ముందురోజు మత్తు డాక్టరు వచ్చినప్పుడు రక్తం పల్చబడే ఇంజెక్షన్లు ఏవైనా తీసుకుంటుంటే చివరిది ఏ రోజు ఎన్నింటికో చెప్పండి, ఊగే పన్ను ఉంటే చెప్పండి, మాయ ఎక్కడుందో రాసిన స్కాన్ కాగితం చూపించండి. పాత కుట్ల మీదికి మాయ అతుక్కుని ఉందని తేలితే పైన చెప్పిందంతా మారుతుంది, అప్పుడు వాళ్ళే పూర్తి మత్తు కావాలనొచ్చు. పోయిన కాన్పు డిశ్చార్జి కాగితాలు కూడా పట్టుకెళ్ళండి, గొంతులో గొట్టం వెయ్యడం అప్పుడు సులువుగా అయిందా, ఇబ్బంది పడ్డారా అన్నది వాళ్ళకి అన్నిటికంటే ముందు కావాల్సిన విషయం. దొరక్కపోతే ఆ ఆసుపత్రికి మీ ఆయన్ని పంపించి కేస్ షీట్ నకలు ఇప్పుడే అడిగించండి, తేదీ దగ్గర పడేదాకా ఆగొద్దు.